థ్యాంక్యూ మెయిల్‌లో థ్యాంక్యూ ఒక్కటే ఉంటే చాలదు

పోయిన ఆదివారం సాయంత్రం స్నేహితురాలి కూతురు మా ఇంటికి వచ్చి ఫోన్ నా చేతిలో పెట్టింది. "ఆంటీ, శుక్రవారం ఇంటర్వ్యూ అయింది. థ్యాంక్యూ మెయిల్ రాశాను, ఒక్కసారి చూస్తారా?" అంది. చదివాను. నాలుగు వాక్యాలు. విలువైన సమయం కేటాయించినందుకు ధన్యవాదాలు, మీ సంస్థ గురించి తెలుసుకోవడం ఆనందంగా ఉంది, ఈ ఉద్యోగానికి నేను సరిపోతానని నమ్ముతున్నాను, మీ నిర్ణయం కోసం ఎదురుచూస్తుంటాను. ఇంగ్లీషులో ఒక్క తప్పు లేదు. కానీ కంపెనీ పేరు మార్చి ఇదే మెయిల్‌ను ఎవరికైనా పంపొచ్చు. శుక్రవారం ఆ గదిలో ఏం మాట్లాడుకున్నారో అందులో ఎక్కడా లేదు.

ఆ పిల్ల ఓపీటీ మీద ఉంది. ఓపీటీలో ఉద్యోగం లేకుండా గడపగలిగేది మొత్తం 90 రోజులే. అందులో సగానికి పైగా అయిపోయాయి. అలాంటప్పుడు ఒక్క మెయిల్‌ను కూడా ఇలా ఖాళీగా పోనివ్వకూడదని నా అభిప్రాయం. ఎందుకంటే ఒకప్పుడు నేనూ ఇలాంటివే పంపాను. ఇప్పుడు ఉద్యోగానికి మనుషుల్ని తీసుకునే వైపు కూర్చుని, ఇలాంటివే చదువుతున్నాను.

హైదరాబాద్‌లో ఒక మందుల కంపెనీ అకౌంట్స్‌లో ఆరేళ్లు పనిచేసి, 2010లో పెళ్లయ్యాక హెచ్-4 మీద న్యూజెర్సీ వచ్చాను. ఉద్యోగం చేసుకునే అనుమతి, అంటే ఈఏడీ, చేతికి వచ్చేసరికి ఏడేళ్లు గడిచిపోయాయి. మొదటి మూడు ఇంటర్వ్యూల తర్వాత ఎక్కడో చూసి రాసిన నాలుగు వాక్యాల మెయిళ్లే పంపాను. మూడింటికీ జవాబు లేదు. నాలుగోది వైద్య పరికరాలు సరఫరా చేసే ఒక మధ్యరకం కంపెనీలో, అకౌంట్స్ పేయబుల్ విభాగంలో. సరుకు అమ్మినవాళ్ల బిల్లులు సరిచూసి డబ్బు చెల్లించే పని. ఇంటర్వ్యూలో ఇద్దరున్నారు. ఒకరు ఆ విభాగం మేనేజర్, రెండోవారు కంపెనీ ఖాతాలన్నిటినీ చూసే కంట్రోలర్.

మాటల మధ్యలో కంట్రోలర్ ఒక మాట అన్నారు. పోయిన ఏడాది ఒకే బిల్లుకు రెండుసార్లు డబ్బు కట్టేశామని, అలా రెండు మూడు జరిగాయని. "మీరైతే ఎలా పట్టుకుంటారు?" అని అడిగారు. బిల్లు నంబర్ మళ్లీ వస్తే సాఫ్ట్‌వేరే హెచ్చరిస్తుంది కదా అన్నాను. "మాదీ హెచ్చరిస్తుంది. అయినా జరిగింది" అని ఆవిడ కాగితం మీద ఏదో రాసుకుని తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయారు.

బయటికొచ్చి కారులో కూర్చున్నాక గాని అసలు సంగతి గుర్తుకు రాలేదు. హైదరాబాద్‌లో మాకు జరిగింది సరిగ్గా ఇదే. అమ్మకందారు బిల్లు కాగితం కొరియర్‌లో పంపేవాడు, డబ్బు ఆలస్యమైతే అదే బిల్లును మళ్లీ మెయిల్‌లో పంపేవాడు. ఒకరు దాన్ని `457` అని ఎక్కించేవారు, ఇంకొకరు `INV-0457` అని. మనిషి కంటికి రెండూ ఒకటే, సాఫ్ట్‌వేర్‌కు మాత్రం వేర్వేరు. అందుకే ప్రతిసారీ డబ్బు విడుదల చేసే ముందు బిల్లు నంబర్‌ను పక్కనపెట్టి, జాబితాను అమ్మకందారు పేరు, మొత్తం, తేదీ వరుసలో పేర్చి చూసేవాళ్లం. ఒకే అమ్మకందారుకు అదే మొత్తం దగ్గరి తేదీల్లో రెండుసార్లు కనబడితే ఆపి, రెండు కాగితాలూ తీయించేవాళ్లం. వారానికి అరగంట పని.

ఆ సాయంత్రమే కంట్రోలర్‌కు మెయిల్ రాశాను. ఇంగ్లీషులో రాసిందాన్ని ఇక్కడ తెలుగులో చెబుతాను:

"ఈరోజు మీరిద్దరూ ఇచ్చిన సమయానికి ధన్యవాదాలు. ఒకే బిల్లుకు రెండుసార్లు చెల్లింపులు జరిగిన సంగతి మీరు దాచుకోకుండా చెప్పడం నాకు నచ్చింది. ఆరేళ్లు నేను చేసిన పని కూడా సరిగ్గా అదే, బిల్లులు చెల్లింపుకు వెళ్లే ముందు సరిచూడటం. మీ ప్రశ్నకు నేను చెప్పిన జవాబు సగమే. మా పాత ఆఫీసులో ఒకే బిల్లును ఒకరు `457` అని, మరొకరు `INV-0457` అని ఎక్కించడం వల్ల హెచ్చరిక రాలేదు. అందుకే చెల్లింపుకు ముందు నంబర్‌ను వదిలేసి అమ్మకందారు, మొత్తం, తేదీలను బట్టి పోల్చి చూసేవాళ్లం. మీ దగ్గర కారణం వేరే కావచ్చు, కానీ నేను మొదట వెతికేది అక్కడే. మీకు ఇంకేమైనా వివరాలు కావాలంటే చెప్పండి."

ఇందులో నన్ను నేను పొగుడుకున్న మాట ఒక్కటీ లేదు. ఈ పనికి నేను సరిపోతానని కూడా రాయలేదు. వాళ్ల అవసరాన్ని, నేను చేసిన పనిని ఒకచోట పెట్టాను, అంతే. సరిపోతానో లేదో వాళ్లే తేల్చుకుంటారు. కొత్త విషయం ఒక్కటే ఉంది, అదీ వాళ్లు ఆరోజు నోరు తెరిచి చెప్పిన ఇబ్బందికి సంబంధించింది. సగం జవాబు చెప్పానని ఒప్పుకున్నాను, క్షమించమని మాత్రం అడగలేదు. తప్పును సాగదీసి చెబితే చదివేవాళ్లకు అదే గుర్తుండిపోతుంది.

నాలుగు రోజుల తర్వాత ఫోన్ వచ్చింది. కంట్రోలర్ అడిగిన మొదటి ప్రశ్న: "నెలనెలా కట్టే అద్దెలూ అదే మొత్తం కదా, అవన్నీ మీ జాబితాలో తేలవా?" తేలుతాయి, అందుకే అలాంటివాటిని ముందే విడిగా తీసిపెట్టేవాళ్లం అని చెప్పాను. ఉద్యోగం వచ్చింది. మెయిల్ వల్లే వచ్చిందని చెప్పను, నాకంటే ముందు అడిగిన మనిషి జీతం కుదరక వద్దన్నారని తర్వాత తెలిసింది. కానీ నా ఏడేళ్ల విరామం గురించి వాళ్లకున్న అనుమానం ఆ మెయిల్‌తో కొంత తగ్గిందని, నేను చెప్పినట్టు తమ జాబితాను ఆ మర్నాడే పేర్చి చూశానని కంట్రోలరే చెప్పారు.

మనవాళ్లు ఈ మెయిల్ దగ్గర రెండు రకాలుగా తడబడతారు. కొందరు అసలు రాయరు. థ్యాంక్స్ చెప్పుకునేంత పరాయివాళ్లమా అనుకుంటూ పెరిగినవాళ్లం, పని చేతిలో ఉన్నవాళ్లకు ధన్యవాదాలు రాస్తే కాకా పట్టినట్టే అనిపిస్తుంది. మరికొందరు రాస్తారు గాని, మన గురించి మనమే చెప్పుకుంటే డబ్బా కొట్టుకున్నట్టుంటుందని అసలు విషయం వదిలేసి మర్యాద మాటలతో నింపుతారు. రెండింటికీ విరుగుడు ఒక్కటే. మెయిల్‌ను మర్యాదగా కాకుండా, ఇంటర్వ్యూలో మిగిలిపోయిన చివరి జవాబుగా చూడాలి.

ఆ ఒక్క విషయం ఏదో తేల్చుకోవడానికి నేను పిల్లలకు చెప్పేది ఇదీ. ఇంటర్వ్యూ అయిన పది నిమిషాల్లో, ఇంటికి బయలుదేరకముందే, మూడు సంగతులు కాగితం మీద రాసుకోండి. వాళ్లు తమ ఇబ్బందిగా చెప్పుకున్నది ఏది? రెండోసారి తిరిగి అడిగింది ఏది? మీరు సగంలో వదిలేసింది ఏది? ఈ మూడింటిలో రెండు ఒకేచోట కలిస్తే మీ విషయం అదే. అది రెజ్యూమెలో ఉన్నదైతే కొత్తది కాదు. మూడు నాలుగు వాక్యాల్లో ఇమడకపోతే మెయిల్‌కు పనికిరాదు. అన్నిటికంటే ముఖ్యం, అది మీరు నిజంగా చేసిన పనై ఉండాలి. స్నేహితుడి ప్రాజెక్టు నుంచి అప్పు తెచ్చుకున్న అనుభవం తర్వాతి రౌండ్‌లో రెండో ప్రశ్నకే బయటపడుతుంది. నన్ను అద్దెల గురించి అడిగినట్టు ఎవరైనా అడుగుతారు. పాత కంపెనీ లెక్కలు, పేర్లు కూడా రాయకూడదు. అక్కడి గుట్టు ఇక్కడ విప్పినవాళ్లు రేపు ఇక్కడి గుట్టూ విప్పుతారని అనుకుంటారు.

ఒక్కటే ఎందుకు, నాలుగు రాస్తే పోలేదా అని అడుగుతారు. ఈమధ్య ఒకాయన మాకు ఏడు పాయింట్లతో, రెండు అటాచ్‌మెంట్లతో మెయిల్ పంపారు. మేం దాన్ని పూర్తిగా చదవలేదు. చదివినంతలో, ఇంటర్వ్యూలో ఇన్ని చెప్పలేకపోయారా అనే అనిపించింది. ఫోన్‌లో ఒక్క తెరలో కనబడేంత ఉంటే చాలు.

ఆలస్యమూ చేయకూడదు. చాలాచోట్ల ఇంటర్వ్యూ చేసినవాళ్లు ఒకటి రెండు రోజుల్లో కలిసి మాట్లాడుకుంటారు. అప్పటికి మెయిల్ చేరితేనే ఉపయోగం. అదే సాయంత్రం, కుదరకపోతే మర్నాడు ఉదయం పంపాలి. ముగ్గురు ఇంటర్వ్యూ చేస్తే ముగ్గురికీ విడివిడిగా రాయండి. ఒకరికి రాసింది ఇంకొకరు చూస్తారు, అక్షరం మారకుండా ఉంటే నవ్వుకుంటారు. కొత్త విషయాన్ని మాత్రం ఆ ప్రశ్న అడిగినవారికే రాయాలి. మెయిల్ ఐడీలు తెలియకపోతే రిక్రూటర్‌కు పంపి, వాళ్లకు అందించమని అడగొచ్చు. కన్సల్టెన్సీ ద్వారా వెళ్లిన కాంట్రాక్టు ఉద్యోగమైతే క్లయింటుకు నేరుగా రాసేముందు మీ వెండర్‌ను అడగండి. కొందరికి అది నచ్చదు, గొడవ మీ మెడకు చుట్టుకుంటుంది.

దీనికీ హద్దులున్నాయి. ప్రశ్నలు, మార్కులు ముందే ఖాయం చేసుకున్న ఇంటర్వ్యూల్లో, ముఖ్యంగా ప్రభుత్వ ఉద్యోగాల్లో, తర్వాత వచ్చిన మెయిల్ మార్కుల్ని మార్చదు. పని రాదని వాళ్లకు తేలిపోతే ఎంత మంచి మెయిలూ నిలబెట్టదు. ఇద్దరి మధ్య ఊగుతున్నప్పుడు, ఒక్క అనుమానం మిగిలి ఉన్నప్పుడు మాత్రమే అది పనికొస్తుంది. కానీ ఆ ఇద్దరిలో మీరున్నారో లేదో మీకు తెలియదు. అందుకే రాయాలి.

ఆ ఆదివారం నేను ఆ పిల్లను అడిగింది ఒక్కటే: "శుక్రవారం నిన్ను రెండోసారి తిరిగి అడిగిన ప్రశ్న ఏదమ్మా?" కాసేపు ఆలోచించింది. వేర్వేరు శాఖల నుంచి వచ్చిన రెండు రిపోర్టుల్లో లెక్కలు కలవకపోతే ఏది నమ్ముతావని అడిగారట. సీనియర్లను అడుగుతానని చెప్పి ఊరుకుందట. నిజానికి చదువుకునేటప్పుడు యూనివర్సిటీ లైబ్రరీలో పార్ట్‌టైమ్ చేస్తూ సరిగ్గా అలాంటి తేడానే పట్టుకుందట. ఒక రిపోర్టు నెల చివరి రోజు వరకు లెక్కిస్తే, రెండోది నెలాఖరు శుక్రవారంతో ఆగిపోయేదట. "అది చిన్న పని కదా ఆంటీ, ఏం చెబుతాంలే అనుకున్నాను" అంది.

చిన్న పనే, కానీ వాళ్లు అడిగింది దాని గురించే. సోమవారం ఉదయం వాళ్లు ఆఫీసు తెరిచేలోపే చేరేలా, ఆ రాత్రే మా వంటింటి బల్ల దగ్గర కూర్చుని తిరగరాసి పంపింది. జవాబు ఇంకా రాలేదు. వచ్చినా రాకపోయినా, ఈసారి ఆ మెయిల్ కంపెనీ పేరు మార్చి ఇంకొకరికి పంపగలిగేది మాత్రం కాదు.