చుక్కల్లో దొరికే అబద్ధం

బూడిదరంగు పెట్టెలో ‘పింఛన్ల రద్దు లేదు’ అన్న శీర్షిక ఉందనుకుందాం. ‘లేదు’ను చెరిపి ‘ఖాయం’ అని చేరిస్తే చాలు, ఎన్నికల వేళ ప్రభుత్వం మాట తలకిందులవుతుంది. మోసగాడికి అక్షరాలకన్నా వాటి వెనుకనున్న బూడిదరంగే కష్టం. అచ్చులో అది రంగు కాదు, వరుసగా పేర్చిన నల్లచుక్కలు. నలుపొక్కటే అచ్చయ్యేచోట ఆ వరుసలు సాధారణంగా 45 డిగ్రీల వాలులో ఉంటాయి. చదునుగా రంగు పూస్తే అతుకు నున్నగా తేలిపోతుంది. అందుకే ఆరితేరినవారు పక్కనున్న చుక్కలనే తెచ్చి అతికిస్తారు. అయినా వరుస అరచుక్క జరిగితే అంచున గీత కనిపిస్తుంది. 600 డీపీఐ స్కాన్‌ను పెద్దది చేసి చూస్తే ఇది దొరుకుతుంది. వాట్సాప్ కుదింపులో మాత్రం చుక్కలే చెరిగిపోతాయి. ఆ మసకే అబద్ధానికి రక్ష. అప్పుడు ఆ తేదీ ఈ-పేపర్ పేజీతో పోల్చడమే మార్గం. పేజీ సంఖ్య, తేదీ కత్తిరించి క్లిప్పింగు పంపే పార్టీల ఐటీ విభాగాలకు ఈ సంగతి బాగా తెలుసు.