ఏ లగ్నానికీ మిత్రుడు కాని సప్తమాధిపతి

మొన్న మాఘమాసంలో మా బంధువుల ఇంట్లో ఒక సంబంధం తప్పిపోయింది. అబ్బాయీ అమ్మాయీ మాట్లాడుకున్నారు, ఒకరికొకరు నచ్చారు. ఇచ్చిపుచ్చుకోవడాల దగ్గర కూడా పెద్దవాళ్ళు ఒక మాట మీదికి వచ్చారు. తాంబూలాలకు మంచిరోజు చూడమని అబ్బాయి వాళ్ళు సిద్ధాంతిగారి దగ్గరికి వెళితే, ఆయన అమ్మాయి జాతకం ముందేసుకుని, "సింహలగ్నం. సప్తమాధిపతి శని మేషంలో నీచపడ్డాడు. పైగా లగ్నాధిపతి రవికి పరమ శత్రువు. ఈ పిల్లకు భర్తతో పొసగదు, ఆ పైన మీ ఇష్టం" అన్నాడట. మర్నాటి నుంచి వాళ్ళు ఫోను ఎత్తలేదు. ఆ పిల్లకు ఇరవై ఏడేళ్ళు, బ్యాంకులో ఉద్యోగం చేసుకుంటోంది. ఎవరితోనూ పెద్దగా గొంతెత్తి మాట్లాడి ఎరగదు. ఇప్పుడు ఊళ్ళో బంధువులందరి దృష్టిలో ఆమె మొగుడితో పడని ఆడది. ఇంకా పెళ్ళే కాలేదు.

ఆ ఇంటికి పలకరించడానికి వచ్చిన ఒక పెద్దాయన, "శాస్త్రం అబద్ధం చెప్పదమ్మా, ముందే తెలిసింది, అదృష్టం" అన్నాడు. ఈ వ్యాసం రాయడానికి ఆ మాటే కారణం. శాస్త్రం ఏం చెబుతుందో ఆ గ్రంథాల్లోంచే చూద్దాం.

జాతకంలో లగ్నం మనిషి అయితే, దానికి ఏడో ఇల్లు భర్త లేదా భార్య. ఆ ఏడో రాశికి అధిపతి ఏ గ్రహమో, అది ఉచ్చలో ఉందా నీచలో ఉందా, లగ్నాధిపతికి మిత్రుడా శత్రువా అని చూసి దాంపత్యం ఎలా ఉంటుందో చెబుతారు. ఇంతే నమ్మకం. మిత్రుడైతే అన్యోన్యం, శత్రువైతే కలహం. పెళ్ళిచూపుల దగ్గర ఈ మాట ఎవరో ఒకరు అనకుండా ఉండరు.

అయితే గ్రహాలకు ఈ స్నేహాలూ పగలూ ఎలా వచ్చాయి? దానికి ఒక లెక్క ఉంది. ప్రతి గ్రహానికీ మూలత్రికోణమని ఒక రాశి కేటాయించారు. ఆ రాశి నుంచి లెక్కపెడితే 2, 4, 5, 8, 9, 12 ఇళ్ళ అధిపతులు మిత్రులు, ఉచ్చరాశి అధిపతి కూడా మిత్రుడే. మిగిలిన ఇళ్ళవాళ్ళు శత్రువులు. ఒకే గ్రహం రెండు జాబితాల్లోకీ వస్తే సముడు. ఇదే నైసర్గిక మైత్రి. పంచాంగాల వెనక పేజీల్లో పట్టిక వేసేదీ, సాఫ్ట్‌వేర్లు అచ్చు వేసి ఇచ్చేదీ ఇదే.

ఆ మిత్రస్థానాల వరస మళ్ళీ ఒకసారి చదవండి. అందులో ఏడో ఇల్లు లేదు. ఎదురుగా ఉన్న రాశి అధిపతి ఆ ఏడో ఇంటి దారిన మిత్రుడయ్యే వీలే ఈ సూత్రంలో పెట్టలేదు. పట్టిక తీసి పన్నెండు లగ్నాలకూ చూసుకోవచ్చు, పది నిమిషాల పని. మేషం, తుల, వృషభం, వృశ్చికం ఈ నాలుగు లగ్నాలకూ కుజశుక్రులు ఎదురెదురు. వాళ్ళిద్దరూ ఒకరికొకరు సములు. మిథునం, ధనుస్సు, కన్య, మీనాలకు బుధుడూ గురువూ. బుధుడికి గురువు సముడు, గురువుకేమో బుధుడు శత్రువు. కర్కాటక మకరాలకు చంద్రుడూ శనీ. చంద్రుడికి శని సముడు, శనికి చంద్రుడు శత్రువు. సింహ కుంభాలకు రవీ శనీ, ఇద్దరికీ ఇద్దరూ శత్రువులే. మొత్తం పన్నెండు లగ్నాల్లో ఒక్కదానిలోనైనా లగ్నాధిపతీ సప్తమాధిపతీ మిత్రులు కారు. భూమ్మీద పుట్టిన ఏ మనిషికీ కారు. అరవై ఏళ్ళు కలిసి బతికిన మన తాతమ్మలకూ తాతలకూ కాలేదు. పెళ్ళయిన ఆరు నెలలకే విడిపోయినవాళ్ళకూ కాలేదు. అందరికీ ఒకేలా ఉన్నదాన్ని ఒక్క పిల్ల జాతకంలోంచి దోషంగా ఎత్తి చూపిస్తే దాన్ని ఏమనాలి?

ఈ పట్టిక ఋషివాక్యమని, మార్పులేనిదని అంటారు. వరాహమిహిరుడి బృహజ్జాతకం రెండో అధ్యాయం తెరిస్తే గ్రహమైత్రి మీద రెండు మతాలు కనిపిస్తాయి. ఒకటి యవనులది, రెండోది సత్యాచార్యుడిది. మనం వాడేది సత్యుడిది. యవనుల లెక్కలో రవికి మిత్రుడు గురువు ఒక్కడే. కుజుడికి బుధుడు మిత్రుడు, సత్యుడి లెక్కలో అదే బుధుడు శత్రువు. గురువుకు యవనులు కుజుణ్ణి తప్ప అందరినీ మిత్రులుగా ఇచ్చారు, సత్యుడు కుజుణ్ణి మిత్రుల్లో చేర్చి బుధశుక్రుల్ని శత్రువులు చేశాడు. ఆరో శతాబ్దం నాటికే ఏ గ్రహం ఎవరికి ఏమవుతుందో తేలలేదు. ఆకాశాన్ని చూసి తేల్చుకునే విషయమే అయితే ఇద్దరు పండితులు పక్కపక్క శ్లోకాల్లో పరస్పరం కొట్టుకునే మాటలు చెప్పరు. బృహస్పతి ఎవరి మీదనైనా పగ పట్టిందో లేదో కొలిచే సాధనం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

ఇక నీచ సంగతి. శని రాశిచక్రం చుట్టి రావడానికి దాదాపు 29 ఏళ్ళన్నర పడుతుంది, ఒక్కో రాశిలో రెండేళ్ళకు పైగా ఉంటుంది. మన పంచాంగాల ప్రకారం శని మేషంలో ఉన్నది 1998 ఏప్రిల్ నుంచి 2000 జూన్ దాకా. శని సప్తమాధిపతి అయ్యేది కర్కాటక, సింహ లగ్నాలకు. ఈ రెండూ కలిపి రోజులో నాలుగు గంటలకు కాస్త పైనే ఉదయిస్తాయి. అంటే ఆ రెండేళ్ళలో పుట్టిన ప్రతి ఆరుగురిలో ఒకరికి సప్తమాధిపతి నీచ. అప్పట్లో మన దేశంలో ఏడాదికి రెండున్నర కోట్లకు తక్కువ కాకుండా పిల్లలు పుట్టేవాళ్ళు. లెక్క వేసుకోండి, 80 లక్షల మందికి పైమాటే. వాళ్ళందరికీ ఇప్పుడు సరిగ్గా పెళ్ళిళ్ళ వయసు. ఇందులో హిందువులు, ముస్లిములు, క్రైస్తవులు, జాతకం మొహమే చూడనివాళ్ళు అందరూ ఉన్నారు. వీళ్ళందరి కాపురాలూ చెడిపోతాయా? చెడిపోవని ఆ సిద్ధాంతికీ తెలుసు. తెలిసే ఒక పిల్ల మీద ఆ మాట వాడాడు.

సంబంధం తప్పిపోయిన ఆ అమ్మాయి జాతకం వివరాలు ఇక్కడ పెట్టను. అదే తరహాది ఒకటి తీసుకుందాం. 1999 ఫిబ్రవరి 23, సాయంత్రం ఆరూ ముప్పావుకు విజయవాడలో ఒక ఆడపిల్ల పుట్టిందనుకోండి. సింహలగ్నం. రవి కుంభంలో, అంటే ఏడో ఇంట్లో. శని మేషంలో నీచ. మైత్రిపట్టిక చూస్తే రవిశనులు శత్రువులు. ఇక్కడితో ఆపేస్తే సంబంధం తప్పిపోతుంది. కానీ అదే గ్రంథాల్లో తాత్కాలిక మైత్రి అని ఇంకొకటుంది. ఏ గ్రహానికైనా 2, 3, 4, 10, 11, 12 స్థానాల్లో ఉన్నవాళ్ళు ఆ జాతకం వరకూ మిత్రులు. రవికి శని మూడో ఇంట, శనికి రవి పదకొండో ఇంట ఉన్నారు. కాబట్టి తాత్కాలిక మిత్రులు. శత్రువూ మిత్రుడూ కలిస్తే పంచధా మైత్రిలో సముడు. పగ పోయింది. నీచకూ మందుంది, నీచభంగమంటారు. నీచరాశి అధిపతి లగ్నానికో చంద్రుడికో కేంద్రంలో ఉంటే భంగం. ఇక్కడ ఆ అధిపతి కుజుడు తులలో ఉన్నాడు, కేంద్రం కాదు. శని ఉచ్చరాశి తుల, దాని అధిపతి శుక్రుడూ కేంద్రంలో లేడు. అయితే కొందరు ఆ నీచరాశిలో ఉచ్చపొందే గ్రహాన్ని లెక్కలోకి తీసుకుంటారు. మేషంలో ఉచ్చపొందేది రవి, ఆ రవి సప్తమ కేంద్రంలోనే ఉన్నాడు. ఒక పండితుడి దగ్గర నీచ, ఇంకొకరి దగ్గర నీచభంగ రాజయోగం. అంతేనా, కళత్రకారకుడు శుక్రుడు మీనంలో ఉచ్చ, గురువు అక్కడే స్వక్షేత్రంలో. ఆ సాయంత్రం పడమటి ఆకాశంలో ఆ రెండూ అంటుకున్నట్టుగా కనిపించాయి. నిజానికి వాటి మధ్య 60 కోట్ల కిలోమీటర్లకు పైగా దూరం ఉంది. మంచి చెప్పదలచినవాడు ఆ కలయికను చూపిస్తాడు. చెడు చెప్పదలచినవాడు అది ఎనిమిదో ఇల్లు అంటాడు.

ఒకే కుండలి, ఒకే పుస్తకాలు. పెళ్ళి చేయమనడానికీ వద్దనడానికీ రెంటికీ సరిపడా సూత్రాలున్నాయి. అప్పుడు నిర్ణయించేది శని ఎలా అవుతాడు? వచ్చిన సంబంధం కంటే మెరుగైనది చేతిలో పడితే నీచ కనిపిస్తుంది. పిల్ల పేరున ఫ్లాటు ఉంటే భంగం కనిపిస్తుంది. నేను చూసిన ఇళ్ళలో ఇలాగే జరిగింది. కాదన్నవాడికి కారణం చెప్పే బాధ్యత తప్పుతుంది. కాదనిపించుకున్న పిల్లకు మచ్చ మిగులుతుంది. ఆమె తండ్రి మందపల్లికి వెళ్ళి తైలాభిషేకం చేయించి, నల్లనువ్వులు దానమిచ్చి, ఎవరో చెప్పారని నీలం ఉంగరం కూడా కొంటాడు.

ఇంతకంటే క్రూరమైనది పెళ్ళయ్యాక మొదలవుతుంది. మా పెద్దమ్మ కూతురికి తెనాలి దగ్గర పల్లెలో పెళ్ళి చేశారు. నేను అప్పుడు హైస్కూల్లో ఉన్నాను. భర్త కొట్టేవాడు. ఒకరోజు రాత్రి బస్సెక్కి, కట్టుబట్టలతో మా ఇంటికి వచ్చేసింది. చెంప వాచిపోయి కన్ను సరిగా తెరుచుకోలేదు. పెద్దనాన్న ఆమెను ఆస్పత్రికి తీసుకెళ్ళే ముందు జాతకం పట్టుకుని జ్యోతిష్కుడి దగ్గరికి వెళ్ళాడు. తులాలగ్నం, సప్తమాధిపతి కుజుడు కర్కాటకంలో నీచ. "భర్త ముక్కోపి అవుతాడని ఇక్కడే ఉంది నాయనా, అతన్ని అని ఏం లాభం" అన్నారు. ఇంట్లో అందరికీ మనసు కుదుటపడింది. తప్పెవరిదో తెలిసిపోయింది, ఆమెదే. కుజశాంతి చేసి, కందులు దానమిచ్చి, పదిరోజుల్లో అక్కను తిరిగి పంపేశారు. కొట్టినవాడి జాతకం ఎవరూ అడగలేదు. అతని చేతిలో ఏ గ్రహం ఉందో చూడాలని ఎవరికీ తోచలేదు. అక్కకు ఇవాళ్టికీ ఎడమచెవి వినపడదు. 2005లో గృహహింస చట్టం వచ్చింది గానీ, ఏడో ఇల్లు చూసి ఆడపిల్లను వెనక్కి పంపే ఇళ్ళు నా చుట్టూ ఇంకా ఉన్నాయి.

ఏడో ఇంటిని చదివే పద్ధతిలోనే ఈ అన్యాయం ఉంది. భర్త స్వభావాన్ని భార్య జాతకంలో వెతికితే, అతని తాగుడు, అనుమానం, చేయిచేసుకోవడం అన్నీ ఆమె పుట్టుకతో తెచ్చుకున్నవి అవుతాయి. అతను మారాల్సిన పనిలేదు, ఆమె పూజలు చేసుకోవాలి.

జాతకాలను పరీక్షించి చూడలేదా అంటే, చూశారు. ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్ పుణెలో కొందరితో కలిసి ఒక పరీక్ష పెట్టారు. చదువులో మెరికల్లాంటి పిల్లల జాతకాలు వంద, మానసిక వికలాంగులైన పిల్లలవి వంద సేకరించి, ఏది ఎవరిదో చెప్పమని జ్యోతిష్కులను అడిగారు. జవాబులు పంపినవాళ్ళు 27 మంది. వాళ్ళు సరిగ్గా చెప్పినవి సగటున నూటికి 46. కళ్ళు మూసుకుని నాణెం ఎగరేసినా సగం వస్తాయి. బుద్ధి ఎదిగిందో లేదో కూడా పట్టలేని కుండలిలోంచి ఇంకా పరిచయం కాని భర్త గుణం చదువుతామంటున్నారు.

సప్తమాధిపతి చెడ్డాడని ఎవరైనా అంటే, పిల్ల తల్లిదండ్రులు ఆయన ముందు కాగితం పెట్టి మూడు సంగతులు రాసి సంతకం చేయమనాలి. నైసర్గిక మైత్రి చూశారా, పంచధా మైత్రి చూశారా? నీచభంగానికి ఏ సూత్రం తీసుకున్నారు, రెండోది ఎందుకు వదిలేశారు? పెళ్ళయిన ఎన్నేళ్ళలోపు ఏ హాని జరుగుతుంది? మా బంధువులు ఈసారి అలాగే చేశారు. ఆ సిద్ధాంతి రాయలేదు. ఆ అమ్మాయి మాత్రం ఉంగరం వద్దని తండ్రికి తేల్చి చెప్పి, ఇకముందు తన జాతకం ఎవరికీ ఇవ్వొద్దంది. 2027 జూన్‌లో శని మళ్ళీ మేషంలోకి వస్తోంది.