వెలికి పదునెక్కడిది?

నిజామాబాద్, జగిత్యాల, నిర్మల్ వైపు పల్లెల నుంచి ఒకే రకం వార్త, ఊరి పేరు మాత్రం మార్చుకుని, జిల్లా పేజీల్లోకి వస్తూనే ఉంటుంది. గ్రామాభివృద్ధి కమిటీ ఒక కుటుంబాన్నో, ఒక్కోసారి ఒక కులం మొత్తాన్నో వెలివేసింది. కారణం భూమి తగాదా కావచ్చు, కమిటీ వేసిన జరిమానా కట్టకపోవడం కావచ్చు, అసలు కమిటీ మీద పోలీసులకు ఫిర్యాదు చేయడమే కావచ్చు. తీర్మానం మాత్రం ఇంచుమించు ఒకేలా ఉంటుంది. వాళ్లతో ఎవరూ మాట్లాడకూడదు. కొట్టువాడు సరుకు ఇవ్వకూడదు. కూలీలు వాళ్ల పొలానికి పోకూడదు. ఆటోలో ఎక్కించుకోకూడదు. కాదని ఎవరైనా మాట కలిపితే వాళ్లకూ జరిమానా.

ఇలాంటి వార్త చదివినప్పుడల్లా మనం ‘ఈ కాలంలో కూడానా’ అని ఆశ్చర్యపోతాం. పాత సమాజపు పీడ ఇంకా వదల్లేదని, చదువు, సంపద పెరిగితే అదే పోతుందని అనుకుంటాం. నాకు ఆ ధీమా లేదు. వెలి అనేది పాతదే అయినా, ఇవాళ దానికి ఉన్న పదును కొత్తది. ఆ సంగతి తెలియాలంటే 1893లో ఫ్రాన్స్‌లో వచ్చిన ఒక పరిశోధన గ్రంథం దగ్గరికి వెళ్లాలి.

బోర్డో విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతున్న ఎమిల్ దుర్కైమ్ అప్పటికి ముప్పై అయిదేళ్ల వాడు. డాక్టరేట్ కోసం ఆయన రాసిన ‘సమాజంలో శ్రమ విభజన’ అడిగిన ప్రశ్న చాలా మామూలుది. మనుషులు రోజురోజుకూ ఒకరికొకరు వేరైపోతున్నారు, ఒకరి పని మరొకరికి తెలియదు, అయినా సమాజం చెదిరిపోకుండా ఎలా నిలుస్తోంది? ఆయన జవాబు ఏమిటంటే, మనుషుల్ని కలిపి ఉంచే బంధం ఒకటి కాదు, రెండు. ఒకటి పోలిక వల్ల పుట్టేది. అందరూ ఒకే పని చేస్తారు, ఒకే దేవుణ్ని మొక్కుతారు, ఒకే తప్పుకు ఒకేలా కోప్పడతారు. దీనికి ఆయన యాంత్రిక సంఘీభావం అని పేరు పెట్టాడు. యంత్రాలతో దీనికి సంబంధం లేదు. రాతిలోని అణువులన్నీ ఒక్కటిగా కదిలినట్టు మనుషులూ కదులుతారని దాని భావం. రెండోది తేడా వల్ల పుట్టేది. చెప్పులు కుట్టేవాడికి అన్నం కావాలి, అన్నం పండించేవాడికి చెప్పులు కావాలి. ఇది సేంద్రియ సంఘీభావం. మనకు ఆ మాట వినగానే ఎరువులు గుర్తొస్తాయి గానీ, ఇక్కడ అర్థం ఒంట్లోని గుండె, కాలేయం లాంటి అవయవాల పొందిక. (అంతకు ఆరేళ్ల ముందు జర్మనీలో సామాజిక శాస్త్రవేత్త టోనీస్ సరిగ్గా దీనికి తలకిందులుగా, పాత పల్లె బంధాన్ని సజీవమైనదనీ కొత్త నగర బంధాన్ని యాంత్రికమనీ అన్నాడు. దుర్కైమ్ కావాలనే మాటలు తిరగేశాడని నా అనుమానం.)

బంధం కంటికి కనపడదు. మరి ఏ సమాజంలో ఏ బంధం ఎక్కువో తేల్చడం ఎలా? దుర్కైమ్ చట్టాన్ని కొలబద్దగా తీసుకున్నాడు. తప్పు చేసినవాడిని బాధపెట్టి చల్లారే చట్టం ఒక రకం. అది పోలిక బంధానికి గుర్తు. తప్పు వల్ల జరిగిన నష్టాన్ని పూడ్చి, వ్యవహారాన్ని మళ్లీ మొదటి స్థితికి తెచ్చే చట్టం మరో రకం. బాకీ తీర్చు, ఒప్పందం నిలబెట్టు, పరిహారం ఇవ్వు అని చెప్పే ఈ చట్టం తేడా బంధానికి గుర్తు. శ్రమ విభజన పెరిగే కొద్దీ మొదటిదాని వాటా తగ్గి, రెండోది పెరుగుతుందన్నాడు.

ఈ కొలబద్దతో వెలి తీర్మానాన్ని చూస్తే దాని చివరి షరతు కొత్తగా కనిపిస్తుంది. మాట కలిపినవాడికి జరిమానా ఎందుకు? దుర్కైమ్ లెక్కలో శిక్ష అసలు పని నేరస్తుణ్ని బాగుచేయడం కాదు, భయపెట్టడమూ కాదు. తప్పు చేయని మిగతావాళ్లను ఒక్కటిగా నిలబెట్టడం. వెలి జరిగిన రోజు నుంచి ఊళ్లో ప్రతి మనిషీ రోజూ చిన్న పరీక్ష రాస్తాడు: పలకరించాలా, తల తిప్పుకోవాలా? తల తిప్పుకున్న ప్రతిసారీ తాను ఊరి మనిషినని రుజువు చేసుకుంటాడు. వెలిపడ్డ ఇంటి కంటే, వెలి అమలు చేస్తున్న మూడు వందల ఇళ్లే ఆ తీర్మానానికి అసలు లక్ష్యం. ఇంతవరకూ ఇది అచ్చమైన యాంత్రిక సంఘీభావమే.

కానీ ఆ తీర్మానం వాడుకునే ఆయుధాలు చూడండి. కొట్టు, కూలి, ఆటో. ఇవన్నీ శ్రమ విభజన కన్న బిడ్డలు. ప్రతి ఇల్లూ తన తిండి తనే పండించుకుని, తన గుడ్డ తనే నేసుకునే చోట ‘నీకు ఎవరూ సరుకు అమ్మరు’ అన్న బెదిరింపుకు విలువ ఏముంటుంది? ఇవాళ వరి రైతు సంగతే తీసుకుందాం. దుక్కికి ట్రాక్టర్ అద్దెకు రావాలి, నాటుకు కూలీల గుంపు రావాలి, కోతకు హార్వెస్టర్ రావాలి. పైరు పండాక కోత ఆలస్యమైతే గింజ రాలుతుంది, వాన పడితే పంట వాలుతుంది. ఆ కొద్ది రోజుల్లో మిషన్ రాకపోతే నాలుగు నెలల చాకిరీ నేలపాలు. రైతు ముత్తాతకు ఈ భయం ఇంత లేదు. కష్టమైనా ఇంటిల్లిపాదీ కొడవళ్లు పట్టుకుని దిగేవారు. అంటే పనులు విడిపోయిన కొద్దీ వెలి దెబ్బ తగిలే చోట్లు పెరిగాయి. పోలిక బంధం తేడా బంధాన్ని చేతికర్రలా వాడుకుంటోంది. దుర్కైమ్ ఈ రెండింటినీ ఒకదాని తర్వాత ఒకటి వచ్చేవిగా చూశాడు. మన ఊళ్లో అవి ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి.

నిజానికి మన ఊరు మొదటి నుంచీ ఆయన పథకంలో సరిగ్గా ఇమడదు. వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, చాకలి, మంగలి వంటి ఆయగాళ్లు ఏడాదంతా పనిచేసి, పంట చేతికొచ్చాక కల్లం దగ్గర మేర గింజలు తీసుకునేవారు. పని పంచుకోవడం ఉంది, ఒకరిమీద ఒకరు ఆధారపడటం ఉంది. కానీ ఎవరి పని ఏమిటో పుట్టుకే తేల్చేది. శామీర్‌పేటను అధ్యయనం చేసి ఎస్.సి. దూబే 1955లో ప్రచురించిన పుస్తకంలో ఒక మంచి పరిశీలన ఉంది. రైతుకు తన మంగలి మీద కోపం వస్తే మాన్పించడం కష్టం కాదట, ఇంకో మంగలి దొరకడమే కష్టం. ఆ పనికి ఒప్పుకున్నవాడిని వాళ్ల కుల పంచాయతీ దండిస్తుంది. ఆ పంచాయతీ ఒక్క ఊరిది కాదు, చుట్టుపక్కల ఊళ్లన్నింటిదీ. రైతు దగ్గర భూమి ఉంటే, మంగలి దగ్గర ఈ కట్టు ఉంది. కత్తికి రెండు వైపులా పదునే.

అయితే ఈ రక్షణ అందరికీ లేదు. చేతివృత్తి ఉండి, తన బదులు ఇంకొకరు రాకుండా ఆపగలిగిన కులాలకే అది పనికొచ్చింది. వెట్టి చేసిన మాల మాదిగలకు అలాంటి బేరం ఎప్పుడూ లేదు. బలవంతంగా నిలబెట్టిన శ్రమ విభజన సంఘీభావాన్ని ఇవ్వదని దుర్కైమే ఒప్పుకున్నాడు, అందుకు కులవ్యవస్థను ఉదాహరణగా చెప్పాడు కూడా. పుస్తకం చివర్లో ‘అసహజ రూపాలు’ అనే భాగంలోకి దాన్ని నెట్టేశాడు. 1936లో అంబేడ్కర్ కులం శ్రమను మాత్రమే కాదు, శ్రామికులనే విభజిస్తుందని తేల్చి చెప్పినప్పుడు, దుర్కైమ్ చివరి అధ్యాయాల్లో దాచిపెట్టినది మనకు మొదటి అధ్యాయమని తెలిసింది. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల హత్యకు ముందు నడిచింది కూడా సాంఘిక బహిష్కరణే.

కొలబద్దలోనూ లోపం ఉంది. 1964లో రిచర్డ్ ష్వార్ట్జ్, జేమ్స్ మిల్లర్ 51 సమాజాలను పోల్చి చూశారు. రాజీ కుదర్చడం, నష్టపరిహారం ఇప్పించడం చాలా సాదా సమాజాల్లోనే కనిపించాయి. శిక్షను అమలు చేసే పోలీసు లాంటి వ్యవస్థ మాత్రం శ్రమ విభజన బాగా పెరిగిన చోటే ఉంది. అంటే దుర్కైమ్ చెప్పినదానికి దాదాపు తలకిందులు. దూరం ఎందుకు, మన చెక్ బౌన్స్ కేసు చూడండి. చెక్కు చెల్లకపోతే అది ఇద్దరి మధ్య బాకీ, పూడ్చుకోవలసిన నష్టం. అయినా 1988లో పార్లమెంటు దాన్ని నేరం చేసింది. ఇప్పుడు దానికి రెండేళ్ల దాకా జైలు, చెక్కు మొత్తానికి రెండింతల దాకా జరిమానా పడవచ్చు. ఆ జరిమానాలోంచి ఫిర్యాదుదారుకు పరిహారం ఇప్పించవచ్చు, రాజీ పడితే కేసు ముగుస్తుంది. తోడేలు తోలు కప్పుకున్న గొర్రె లాంటి కేసు ఇదని 2021లో సుప్రీంకోర్టే వ్యాఖ్యానించింది. ముఖపరిచయం లేని వాళ్లతో వ్యాపారం పెరిగింది కాబట్టే, బాకీ వెనక జైలును నిలబెట్టవలసి వచ్చింది.

ఇంత తీసేశాక దుర్కైమ్‌లో మిగిలేది ఏమిటని అడగవచ్చు. నా దృష్టిలో చాలా విలువైనది ఒకటి మిగులుతుంది. ఒకరిమీద ఒకరు ఆధారపడటం దానంతట అదే బంధం కాదని, పోటీకి దిగేవాళ్ల బయటి పరిస్థితులు సమంగా ఉన్నప్పుడే అది బంధమవుతుందని ఆయన పట్టుబట్టాడు. ఊరి భాషలో చెప్పాలంటే, ఈ కొట్టు కాకపోతే ఇంకో కొట్టు ఉండాలి. ఈ ఆసామి కాకపోతే ఇంకో ఆసామి ఉండాలి. వెలి పడిన రెండు ఇళ్లను పక్కపక్కన పెట్టి చూస్తే ఇది తెలుస్తుంది. ఒక ఇంట్లో కొడుకు దుబాయ్‌లో ఉన్నాడు, వాకిట్లో మోటర్‌సైకిల్ ఉంది. సరుకులు మండల కేంద్రం నుంచి వస్తాయి, క్షవరం అక్కడే. ఆ ఇంటికి వెలి అంటే అవమానం. రెండో ఇంట్లో ఇద్దరూ ఊళ్లోనే కూలికి పోతారు, నెలాఖరు దాకా కొట్లో ఖాతా. ఆ ఇంటికి వెలి అంటే ఆకలి. తీర్మానం ఒకటే, తూకం వేరు.

చట్టం దీన్ని కొంత పట్టుకుంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి చేసిన సవరణ 2016 జనవరి నుంచి సాంఘిక, ఆర్థిక బహిష్కరణను పేరుపెట్టి నేరంగా చెప్పింది. వెలిపడ్డది బీసీ కుటుంబమైతే ఆ చట్టం వర్తించదు. మహారాష్ట్ర 2016లో కులంతో నిమిత్తం లేకుండా అందరికీ వర్తించే ప్రత్యేక చట్టం చేసింది. అలాంటిది ఇక్కడా కావాలనే అంటాను. కానీ తీర్మానం నోటిమాటగా చాటించి, కాగితం మీద ఏమీ పెట్టని ఊళ్లో సాక్షి ఎవరు? సాక్షులు కావలసిన వాళ్లంతా జరిమానాకు భయపడి తల తిప్పుకున్నవాళ్లే.

1902లో రెండో ముద్రణకు రాసిన పొడవైన ముందుమాటలో దుర్కైమ్ మరో దారి చూపాడు. ఒంటరి మనిషికీ రాజ్యానికీ మధ్య, ఊరిని బట్టి కాక వృత్తిని బట్టి ఏర్పడే సంఘాలు కావాలన్నాడు. చదివినప్పుడు పాతకాలపు ఆలోచనలా అనిపిస్తుంది. కానీ శామీర్‌పేట మంగళ్ల కట్టు చుట్టుపక్కల ఊళ్లకు విస్తరించి ఉండబట్టే ఒక్క ఊరి రైతు దాన్ని వంచలేకపోయాడు. ఇప్పుడు ఆటోవాడికి మండల కేంద్రంలో యూనియన్ ఉంది, అడ్డా ఉంది, పాసింజర్‌ను ఎవరి వంతు ప్రకారం వాళ్లు ఎక్కించుకోవాలన్న నియమం ఉంది. వెలిపడ్డ ఇంటి ఆడమనిషిని ఎక్కించుకున్నందుకు ఊరి కమిటీ అతనికి జరిమానా వేసిన రోజున, ఆ డబ్బు అతని జేబులోంచి పోతుందా, లేక ఆ ఊరికి ఒక్క ఆటో కూడా పోదని యూనియన్ చెబుతుందా?