వేలిముద్ర

1968 మార్చి నెల, ఒక సోమవారం. శ్రీకాకుళం జిల్లాలో ఒక తాలూకా ఊరి పోస్టాఫీసులో నేను గుమస్తాగా చేరి అప్పటికి ఏడు నెలలు. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. సోమవారం ఆ ఊళ్ళో సంత. చుట్టుపక్కల పల్లెల వాళ్ళు బెల్లం, ఎండుచేపలు, పశువుల పగ్గాలు కొనుక్కుని, పనిలో పనిగా పోస్టాఫీసుకు కూడా వచ్చేవారు. వరండాలో ఉత్తరాలు వ్రాసిపెట్టే ఒక ముసలాయన కూర్చునేవాడు. ఆవేళ ఆయన జ్వరంతో రాలేదు. రాకపోబట్టే నా కథ మొదలైంది.

మధ్యాహ్నం కిటికీ మూసి, డబ్బా విప్పి అన్నం తిందామనుకుంటూ ఉండగా తలుపు దగ్గర ఒక రైతు నిలబడ్డాడు. యాభై యేళ్ళుంటాయి. తలపాగా తీసి చేత పట్టుకున్నాడు. పేరు అప్పన్న. ఈ పేరు చెప్పినందువల్ల ఎవరికీ ఆనవాలు పట్టదు. సింహాచలం స్వామి దయవల్ల ఆ ప్రాంతంలో ప్రతి ఊరికీ నలుగురు అప్పన్నలు ఉంటారు.

"బాబూ, ఒక అరిజీ రాసిపెట్టాల. రాసే బాబు నేడు."

"దేని గురించి పెద్దాయనా?"

పంచె మడతలోంచి ఒక ఇన్‌లాండు ఉత్తరం తీసి ఇచ్చాడు. ఖరగ్‌పూర్ రైల్వే కార్ఖానాలో కూలికి పోయిన కొడుకు ఎవరిచేతనో వ్రాయించిన ఉత్తరం అది. అందులో ఒక వాక్యం దగ్గర నా చూపు నిలిచిపోయింది. "పండక్కు ముందు నేను పంపిన అరవై రూపాయలు ముట్టినట్టు నీ వేలిముద్రతో రసీదు వచ్చింది, దూడను కొన్నావో లేదో వ్రాయలేదేమి?" అని ఉంది.

"నాకు దమ్మిడీ ముట్టనేదు బాబూ," అన్నాడు అప్పన్న.

ఈ కాలపు పిల్లలకు మనియార్డరు సంగతి చెప్పాలి. ఆ పాత కాగితం పద్ధతి 2015లో ఆగిపోయింది. అప్పట్లో డబ్బు పంపేవాడు నింపిన ఫారమే ఊరూరా ప్రయాణం చేసి డబ్బు పుచ్చుకునే వాడి గుమ్మం దాకా వచ్చేది. దానికి అంటుకుని రెండు ముక్కలుండేవి. ఒకటి కూపను. పంపినవాడు రెండు ముక్కలు కబురు వ్రాసుకోవడానికి అది. దాన్ని చింపి డబ్బుతోపాటు ఇచ్చేవారు. రెండవది ముట్టినట్టు రసీదు. దానిమీద సంతకమో వేలిముద్రో వేయించి పంపినవాడికి తిరుగు టపాలో చేర్చేవారు. అసలు ఫారం మీద కూడా వేలిముద్ర పడేది. అది మా శాఖ లెక్కల్లో ఉండిపోయేది. చదువురాని వాడికి డబ్బు ఇచ్చేటప్పుడు ఆ ఊరివాడే ఒకడు, చదువు వచ్చినవాడు, సాక్షి సంతకం చేయాలి. పోస్టాఫీసు మనిషి సాక్షిగా ఉండకూడదు.

అంటే అప్పన్న డబ్బు ఎవరో పుచ్చుకున్నారు. ఎవరో సాక్షి సంతకం కూడా చేశారు. నా రక్తం ఉడికింది. అన్నం డబ్బా పక్కకు నెట్టి, కాగితం తీసి, ఒక్క బిగిని వ్రాసిపారేశాను. ఆ అర్జీ చూస్తే ఇప్పటికీ నాకు నవ్వు వస్తుంది. "మహారాజరాజశ్రీ సూపరింటెండెంటుగారి దివ్యసముఖమునకు" అని ఎత్తుకుని, ఆ ఊరి పోస్టుమాను నిరుపేద రైతు సొమ్ము అపహరించాడనిన్నీ, పిల్లలు పస్తులతో మలమల మాడుతున్నారనిన్నీ, ఇట్టి దుర్మార్గుణ్ణి కఠినంగా శిక్షించవలెననిన్నీ రెండు పేజీలు నింపాను.

వ్రాసింది చదివి వినిపించాను. అప్పన్న శ్రద్ధగా విన్నాడు. పస్తుల దగ్గరకు వచ్చేసరికి చెయ్యి అడ్డం పెట్టాడు.

"అది కొట్టేయండి బాబూ."

"ఎందుకు? అలా వ్రాస్తేనే దొరల మనసు కరుగుతుంది."

"మా గుంటలు పస్తులు నేరు. రాగులున్నాయి, గంజి తాగుతున్నారు. దొర మా ఊరొచ్చి అడిగితే ఏటి సెప్పాల? ఒక అబద్ధం సూస్తే తతిమ్మాదీ అబద్ధమే అనుకుంటాడు."

నేను తెల్లబోయాను. పక్కగదిలో భోజనం చేస్తున్న మా పోస్టుమాస్టరుగారు చెయ్యి కడుక్కుని వచ్చి కాగితం అందుకున్నారు. శాఖ మనిషి మీద ఫిర్యాదు నేను వ్రాస్తున్నందుకు చీవాట్లు పెడతారనుకున్నాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని మొదటి పేజీ చదివి, "పోస్టుమాను తీశాడని ఎవరు చూశారు?" అన్నారు.

"మరెవరు తీస్తారండీ?"

"నేను అడిగింది ఎవరు చూశారని. పెద్దాయనా, నువ్వు చూశావా?"

"నేదు బాబూ. నాకు ముట్టనేదు, అంతే ఎరుగుదును."

"అయితే అంతే వ్రాయాలి. 'దొంగిలించాడు' అంటే రుజువు చేయవలసిన బరువు ఇతని నెత్తిన పడుతుంది. 'ముట్టలేదు' అంటే ఎవరికి ముట్టిందో చూపవలసిన పని శాఖది." అని కాగితం నా చేతికిచ్చి, "ఇందులో నంబరేదీ?" అన్నారు.

నిజమే. రెండు పేజీల్లో మనియార్డరు నంబరు లేదు, తేదీ లేదు, ఏ ఆఫీసులో కట్టారో లేదు. రోజుకు వేల మనియార్డర్లు నడిచే శాఖలో ఇవి లేకుండా కాగితాన్ని ఎవరు వెతకగలరు? అప్పన్నను అడిగితే "పండగ ముందు" అన్నాడు. ఉత్తరం తిరగేసి చూస్తే కొడుకు తెలివైనవాడు, కట్టిన రసీదు నంబరూ తేదీ కింద వ్రాయించాడు. జనవరి 3. అప్పన్న చెప్పిన పండగ సంక్రాంతి అన్నమాట. లెక్క కుదిరింది. ఆలస్యం కూడా కాలేదు. మనియార్డరు మీద ఫిర్యాదుకు అప్పట్లో ఏడాది గడువు.

మళ్ళీ కొత్త కాగితం తీశాను. ఊరి పేరూ ఇంటిపేరూ తీసేసి ఆ అర్జీ ఇక్కడ ఇస్తున్నాను.

"అయ్యా, నా కుమారుడు 1968 జనవరి 3వ తేదీన ఖరగ్‌పూర్ పోస్టాఫీసులో నా పేర 60 రూపాయలు మనియార్డరు కట్టినాడు. రసీదు నంబరు ఈ దిగువన ఉన్నది. ఈ సొమ్ము నాకు ముట్టలేదు. కూపను కూడా నాకు ఇవ్వలేదు. నా వేలిముద్రతో రసీదు వచ్చినదని నా కుమారుడు వ్రాసిన ఉత్తరం జతపరచినాను. ఆ వేలిముద్ర నేను వేసినది కాదు. నా ఎడమ బొటనవేలి మీద కొడవలి గాటు ఉన్నది. చెల్లింపు ఫారం మీది ముద్రను నా ముద్రతో సరిచూచి, సొమ్ము ఎవరికి ఇచ్చినదీ విచారించి, నాకు ఇప్పించ కోరుతున్నాను."

కొడవలి గాటు సంగతి నేను కనిపెట్టిందే. సిరా అద్దడానికి అప్పన్న వేలు పట్టుకున్నప్పుడు బొటనవేలు మధ్యగా తెల్లటి గీత కనిపించింది. చిత్తుకాగితం మీద నొక్కి చూస్తే ముద్రలో గీతలన్నిటినీ కోసుకుంటూ అడ్డంగా ఒక తెల్లని బాట పడింది. చిన్నప్పుడు గడ్డి కోస్తుంటే తెగిందట. లోతుగా తెగిన గాయం మచ్చ ఇక పోదు. వేసిన ప్రతి ముద్రలోనూ కనబడి తీరుతుంది. ఖరగ్‌పూర్‌లో కొడుకు దగ్గరున్న రసీదు జాగ్రత్త చేయమని వెంటనే ఒక కార్డు కూడా వ్రాశాము.

ఇక చివరి పంక్తి మిగిలింది. చదువురానివాడి అర్జీ కింద "చదివి వినిపించి వేలిముద్ర వేయించడమైనది" అని వ్రాసి, వ్రాసినవాడు తన పేరు పెట్టాలి. అలా పెట్టకపోతే, నాకు తెలియకుండా ఎవరో వ్రాసి ముద్ర వేయించారని రేపు ఎవరైనా అనవచ్చు. నా కలం ఆగిపోయింది. ఖాయం కాని ఉద్యోగం, ఇంట్లో పెళ్ళి కావలసిన చెల్లెలు. శాఖ మీద అర్జీలో నా దస్తూరీ! మాస్టారు ఏమైనా అంటారేమోనని చూశాను. ఆయన కిటికీవైపు చూస్తూ నిలబడ్డారు.

అప్పన్న మాత్రం సిరా అంటిన వేలును తలపాగాకు తుడుచుకుంటూ, "నా ఏలు నానేసినాను బాబూ," అన్నాడు.

పేరు పెట్టాను. కార్బను నకలు అప్పన్న చేతికిచ్చాము. అసలు ప్రతిని మాస్టారే ముట్టినట్టు వ్రాసి పైకి పంపారు.

మే నెలలో ఇన్‌స్పెక్టరుగారు ఆ పల్లెకు వెళ్ళారు. ఫారం మీది ముద్రలో మచ్చ లేదు. అప్పన్న మాట నిజమని తేలింది. మరి ఎవరిదది? ఆ ఊళ్ళో పడమటివీధిలో ఇంకొక అప్పన్న ఉన్నాడు. అతని అల్లుడూ ఖరగ్‌పూర్‌లోనే ఉన్నాడు, డబ్బు పంపుతానని ఎప్పటినుంచో అంటున్నాడు. ఫారం మీద ఒట్టి "అప్పన్న" అని ఉంది, ఇంటిపేరూ లేదు, తండ్రిపేరూ లేదు. కూపను మీద కబురేమీ లేదు. పోస్టుమాను సంత హడావుడిలో ఎదురుపడ్డ అప్పన్నను పిలిచి, ఖరగ్‌పూర్ నుంచి డబ్బు వచ్చిందన్నాడు. అతను సంతోషంగా వేలిముద్ర వేశాడు. దుకాణం వర్తకుడు తూకం ఆపకుండానే సాక్షి సంతకం గిలికాడు. దొంగతనం చేసినవాడు ఒక్కడూ లేడు. అడగవలసిన ఒక్క ప్రశ్న ముగ్గురూ అడగలేదు.

రెండో అప్పన్న సంగతి తెలిసిన రోజే ఇంట్లో ఉన్న 25 రూపాయలు తెచ్చి పెట్టాడు. మిగతా 35 పోస్టుమాను జీతంలోంచి కట్టుకున్నాడు. ఆరా తీయకుండా సొమ్ము చేతిలో పెట్టడం అతని పొరపాటు కనుక అది న్యాయమే. కాని నా మొదటి అర్జీయే వెళ్ళి ఉంటే దొంగ అన్న పేరు అతనికి ఉండిపోయేది. ఆరుగురు పిల్లలున్న మనిషి. ఆ రెండు పేజీలు గుర్తుకొచ్చినప్పుడల్లా ఒళ్ళు జలదరిస్తుంది. నా ఉద్యోగం మాత్రం ఆ యేడే ఖాయమయింది. ఆ అర్జీ సంగతి నన్నెవరూ అడగలేదు.

వానలు పడ్డాక ఒక సంతరోజున అప్పన్న మళ్ళీ వచ్చాడు. వరండాలో వ్రాసే ముసలాయన ఉన్నా ఆయన్ని దాటుకుని నా కిటికీ దగ్గరకే వచ్చాడు. దూడను కొన్నాడట. కొడుక్కు కార్డు వ్రాయాలన్నాడు.

"ఏమని వ్రాయను?"

"డబ్బులు ముట్టినాయని రాయండి. ఈపాలి పంపినప్పుడు నా పేరు ముందర ఇంటిపేరు, మా అయ్య పేరు కూడా ఎయ్యమనండి." అని ఒక్క క్షణం ఆగి, "రాసింది ఒకపాలి సదివి ఇనిపించండి బాబూ," అన్నాడు.

చదివి వినిపించాను.