మీడియన్ అనే నేతిబీరకాయ

"మేం మార్కెట్ మీడియన్ ఇస్తున్నామండీ. ఇంతకన్నా న్యాయం ఏముంటుంది?" అప్రైజల్ రోజుల్లో మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో వినిపించే మాట ఇది. మార్కెట్ కన్నా ఎక్కువిచ్చే కంపెనీ డబ్బు పారబోస్తోందని, తక్కువిచ్చేది దోచుకుంటోందని, నడిమధ్యన నిలబడ్డదే ధర్మం తప్పనిదని ఉద్యోగులు కూడా నమ్మేశారు. నేను నమ్మను. జీతాల పట్టికలు తయారయ్యే గదిలో నేనూ కొన్నేళ్లు కూర్చున్నాను. ఆ మాటలో మీడియన్ ఉన్నది నేతిబీరకాయలో నెయ్యి ఉన్నట్టే.

పదో తరగతి లెక్కల్లో మధ్యగతం అని చదువుకున్నదే ఈ మీడియన్. ఒకే రకం ఉద్యోగానికి రకరకాల కంపెనీలు ఇచ్చే జీతాలను వరసగా పేరిస్తే సరిగ్గా మధ్యలో పడే అంకె. అంకెలో మోసం లేదు. అది ఏ రోజు నాటి అంకె, ఎవరి చేతికి అందుతోంది అన్నచోటే తిరకాసు.

ముందు తేదీ సంగతి. ఒక ఇంజనీర్ ఉద్యోగానికి 2024 ఏప్రిల్ నాటి సర్వేలో మీడియన్ 12 లక్షలు అనుకుందాం. జీతాలు ఏటా 9 శాతం పెరుగుతున్నాయనీ అనుకుందాం. ఆ సర్వే చూసి కంపెనీ 2025 ఏప్రిల్‌లో కొత్త జీతాలు ఖాయం చేసేసరికి మార్కెట్ 13.08 లక్షలకు చేరుతుంది. ఆ జీతాలు మళ్లీ మారేది 2026 ఏప్రిల్‌లో. అప్పటికది దాదాపు 14.26 లక్షలు. పాత 12 లక్షలే పెట్టినా, 13.08 పెట్టినా, ముందుచూపుతో 14.26 పెట్టినా, మూడు కంపెనీలూ "మీడియన్ ఇస్తున్నాం" అనే చెప్పగలవు. మొదటిది తొలిరోజు నుంచే వెనకబడి ఉంటుంది. రెండోది తొలిరోజు మాత్రమే సమానం, మర్నాటి నుంచి వెనకే. మూడోది ఏడాదంతా మార్కెట్ కన్నా ముందుంటుంది. పాలసీ కాగితం మీద మాత్రం మూడింటికీ ఒకటే వాక్యం.

అసలు దెబ్బ రెండోచోట పడుతుంది. మన కంపెనీ నిజాయితీగానే 13.08 పెట్టిందనుకుందాం. అది ఆ గ్రేడుకు నడిమి గీత మాత్రమే. గీతకు అటూ ఇటూ 20 శాతం చొప్పున, అంటే సుమారు 10.46 నుంచి 15.70 లక్షల దాకా బ్యాండ్ పరుస్తారు. ఆ గ్రేడులో నాలుగేళ్లుగా చేస్తున్న ఒకమ్మాయి జీతం 11.10 లక్షలు. గీతలో 85 శాతం. దీన్నే కంపా రేషియో అంటారు, ఆమెది 0.85. ఎందుకంత తక్కువంటే, చేరినప్పుడు ఆమె పాత పే స్లిప్‌లు అడిగి, ఆ జీతం మీద 25 శాతం కలిపి ఆఫర్ ఇచ్చారు. ఆ పూట మీడియన్ ఎవరికీ గుర్తు రాలేదు.

ఈ ఏడు ఆమెకు 9 శాతం హైక్ వచ్చింది, ఆఫీసులో స్వీట్లు కూడా పంచింది. గీత కూడా 9 శాతమే జరిగింది. ఆమె 12.10కి వస్తే గీత 14.26కి వెళ్లింది. నిరుడు తేడా 1.98 లక్షలు, ఈ ఏడు 2.16 లక్షలు. రేషియో అదే 0.85. ఇలాగే సాగితే రిటైరయ్యే దాకా అక్కడే. ఈలోగా ఆమె దగ్గరే పని నేర్చుకోవాల్సిన కొత్త కుర్రాడు, బయట మరో ఆఫర్ చేతిలో ఉంది కాబట్టి, 14 లక్షలకు చేరతాడు.

"అందరూ మీడియన్ దగ్గరే ఉండలేరు కదా, సగంమంది కిందే ఉంటారు" అని హెచ్‌ఆర్ మిత్రులు అంటారు. నిజమే. పని నేర్చుకుంటున్నవాడు గీత కింద, ఆరితేరినవాడు పైన ఉండటం సబబే. కానీ కిందున్నవాడు పైకి కదలాలి. మన అమ్మాయికి 9కి బదులు ఏటా 13 శాతం ఇస్తే నాలుగైదేళ్లలో గీతను అందుకుంటుంది. అదే రేటింగ్‌కు బ్యాండ్‌లో కిందున్నవాళ్లకు ఎక్కువ హైక్ ఇవ్వాలన్న పట్టిక చాలా కంపెనీల్లో ఉంటుంది. బడ్జెట్ బిగిసిన ఏడాది ముందుగా పక్కకు పోయేది అదే.

మీడియన్ ఇస్తున్నామని చెప్పుకునే ఇలాంటి కంపెనీల కన్నా "మేం మార్కెట్ కన్నా పది శాతం తక్కువిస్తాం, ఆరింటికి ఇంటికి పంపిస్తాం" అని ఆఫర్ రోజునే చెప్పే కంపెనీ నా లెక్కలో మేలు. అక్కడ ఉద్యోగి ఏం వదులుకుంటున్నాడో తెలిసే చేరతాడు. ఎక్కువిచ్చే కంపెనీ కూడా బదులుగా ఏం రాబట్టబోతోందో చెబితే అంతే మేలు.

ఈసారి అప్రైజల్ గదిలో మీడియన్ మాట వినబడితే మొహమాటపడకండి. సర్వే ఏ నెలదని అడగండి, మీ కంపా రేషియో ఎంతని అడగండి, మూడేళ్ల క్రితం ఎంత ఉండేదో కూడా అడగండి. ఆ అంకెలు వాళ్ల ఎక్సెల్ షీట్‌లో మీ పేరు పక్కనే ఉంటాయి.