ముందు వెలుగు, తర్వాతే రంగు

మన్నెగూడలో సున్నం కొట్టిన ఒక గోడను మిట్టమధ్యాహ్నం ఒక ఫోనుతో, సాయంత్రం 5 గంటలకు మరో ఫోనుతో మీరు వీడియో తీశారనుకుందాం. ఒకదానిలో గోడ కాస్త నీలంగా, రెండవదానిలో పసుపుగా కనిపిస్తుంది. ‘తెలుపు’ ఏదో ఒక్కో ఫోను ఒక్కోలా తేల్చుకుంటుంది మరి! వెంటనే రంగు మార్చకండి. వెలుగు తేడా ఉన్నంతసేపు కన్ను రంగుల్ని సరిగా పోల్చలేదు. ముందు ఎక్స్‌పోజర్ సవరించి గోడ వెలుగును సమం చేయండి. ఆ తర్వాత వైట్ బ్యాలెన్స్‌ను మెల్లగా జరపండి. ఎండకు గోడమీది పగుళ్లు తెల్లగా మాసిపోయి ఉంటే మాత్రం ఏ సవరణా వాటిని తిరిగి తేలేదు. సాయంత్రపు పసుపును పూర్తిగా తుడిచేయడం నాకు నచ్చదు. నేలమీది పొడవాటి నీడలను ఏ రంగుతో దాచగలం?