న్యాయవాది వెంట ఒక్క రోజు

మన సముదాయం నుండి న్యాయవాదులు రావాలని ప్రతి సభలోనూ తీర్మానిస్తాం. కాని ఆ వృత్తిలోకి పంపదలచిన పిల్లలకు న్యాయవాది ఉదయం నుండి సాయంత్రం దాకా ఏమి చేస్తారో చూపించామా? వకీళ్ల కుటుంబంలో పుట్టినవారు ఆ పనిని ఇంటి వరండాలోనే చూస్తూ పెరుగుతారు. మన ఇళ్లలో ఎక్కువమందికి కోర్టు అంటే ఎవరో బంధువు ఏళ్ల తరబడి వాయిదాలకు తిరిగిన చోటు మాత్రమే. సినిమాలో విన్న వాదనలను నమ్ముకొని, లాసెట్ రాసి, ఐదేండ్ల కోర్సుకు ఫీజు కట్టడం పేద కుటుంబానికి చిన్న పందెం కాదు.

అందుకే మేము కోరేది వృత్తి మార్గదర్శక ఉపన్యాసం కాదు. ఒక మామూలు పనిరోజు. దీనికి చట్టం కొంత దారి తెరిచే ఉంచింది. క్రిమినల్ విచారణ జరిగే చోటు బహిరంగ న్యాయస్థానమనీ, స్థలం ఉన్నంతవరకు ప్రజలు లోపలికి రావచ్చుననీ భారతీయ నాగరిక సురక్షా సంహిత 366వ సెక్షన్ చెబుతున్నది. అత్యాచారం కేసులు, పిల్లలపై లైంగిక నేరాల కేసులు మాత్రం తలుపులు మూసి విచారిస్తారు. వెనుక బెంచీలో కూర్చోవడానికి న్యాయవాది దయ అక్కరలేదు. అయితే అక్కడ జరిగేది అర్థం కావాలన్నా, కోర్టు బయట సాగే సగం పని కనబడాలన్నా ఒక న్యాయవాది తోడు కావాలి.

కర్నూలులో ఇంటర్మీడియట్ పరీక్షలు రాసిన ఒక అమ్మాయి ఉందనుకుందాం. జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యాలయంలో ప్యానెల్ న్యాయవాదుల పేర్లు అడిగి, ఒక మహిళా న్యాయవాదికి ఆమె ఇలా రాయవచ్చు:

"గౌరవనీయులైన మేడమ్‌కు నమస్కారం. నేను ఇంటర్మీడియట్ పూర్తి చేశాను. లా చదవాలా వద్దా అని తేల్చుకునే ముందు ఒక్క రోజు మీ పని చూడగోరుతున్నాను. మీకు సాక్షుల విచారణ ఉన్న రోజేదైనా ఉదయం పదిన్నర నుండి సాయంత్రం దాకా వస్తాను. మా అమ్మ తోడు వస్తారు. మీ క్లయింట్లు మాట్లాడేటప్పుడు బయట ఉంటాను. చూసినదేదీ బయట చెప్పను. వీలుకాకపోతే ఆ మాట తెలిపినా చాలు."

ఈ ఉత్తరంలో రెండు మాటలు ముఖ్యం. మొదటిది, సాక్షుల విచారణ ఉన్న రోజు. ఏ రోజో అడగకుండా వెళితే ఉదయం కాల్‌వర్క్‌లో పదిహేను కేసులు పిలవడం, వాటిలో చాలావాటికి వాయిదా పడడం చూసి మధ్యాహ్నానికి ఇంటికి రావలసి వస్తుంది. వాయిదాలూ చూడవలసినవే, కాని అవే చూస్తే న్యాయవాది పని నిలబడి ఉండడమేనన్న భ్రమ కలుగుతుంది. ఒక సాక్షిని అడ్డుప్రశ్నలు వేయడం ఒక్క గంట చూస్తే, ఆ గంట వెనుక ఎన్ని రాత్రులు కాగితాలు చదవాలో అడగాలన్న ఆలోచన తానే వస్తుంది. రెండవది, క్లయింట్ల సంగతి. క్లయింటు చెప్పిన రహస్యాన్ని న్యాయవాది వెల్లడించరాదని చట్టం నిర్బంధిస్తున్నది. పరాయి మనిషి పక్కన ఉంటే ఆ నమ్మకానికే దెబ్బ. చాలామంది న్యాయవాదులు ముందుగా "కుదరదు" అనేది ఈ భయంతోనే. ఆ సంగతి మనమే ముందు చెబితే సగం అభ్యంతరం తొలగుతుంది. తిరస్కారమల్లా మన పేరు చూసి వచ్చినదని అనుకోనక్కరలేదు. అలాంటివీ ఉంటాయి, కాని వారం చూసి ఒకసారి గుర్తుచేసి, మరొకరిని అడగడమే మేలు.

కోర్టులో ఫోన్ మూసి ఉంచాలి, రికార్డు చేయరాదు. నల్లకోటు, బ్యాండ్ మనవి కావు, వేసుకోరాదు. సాయంత్రం న్యాయవాది కార్యాలయంలో అరగంట దొరికితే ఉపన్యాసం అడగవద్దు. "మీరు జూనియర్‌గా ఉన్న మొదటి మూడేండ్లు ఇల్లు ఎలా గడిచింది?" అని అడగాలి. జూనియర్లకు పట్టణాల్లో నెలకు కనీసం 20,000, గ్రామాల్లో 15,000 రూపాయలు ఇవ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024లో సూచించింది. అది సూచనే, నిర్బంధం కాదు. చేతికి నిజంగా ఎంత వచ్చిందో చెప్పగలిగేది ఆ గదిలోనివారే. ఇంట్లో సంపాదన కోసం ఎదురుచూసే తమ్ముళ్లుంటే ఈ జవాబు మిగతా అన్నిటికంటే బరువైనది.

ఆ రోజు ఫలించిందో లేదో తెలుసుకోవడం సులభం. పదకొండు నుండి ఒంటిగంట వరకు న్యాయవాది ఏమి చేశారో అమ్మాయి వరుసగా చెప్పగలిగితే ఆమె పని చూసింది. సలహాలు మాత్రమే గుర్తుంటే ఆ పూట క్యాంటీన్‌లోనే గడిచిందన్నమాట, మరొకరిని అడగాలి. చూసి వద్దనుకున్నా నష్టం లేదు, లాసెట్ ఫీజు మిగులుతుంది.

న్యాయవాదులైన మన పాఠకులకు ఒక విన్నపం. మీ కోర్టు వాయిదాల పుస్తకంలో నెలకు ఒక్క సాక్ష్యం రోజు పక్కన ఒక విద్యార్థికి చోటు రాసి పెట్టండి. ఇంటర్మీడియట్ పరీక్షలు మార్చిలో ముగుస్తాయి, మే నెలలో సివిల్ కోర్టులకు వేసవి సెలవులు. కనుక పిల్లల ఉత్తరాలు ఏప్రిల్ మొదట్లోనే మీ చేతికి అందవచ్చు.